మెయిల్‌లో నాలుగో నియమం

ఆ మెయిల్ సోమవారం పొద్దున పదకొండు దాటాక వచ్చింది. రాసింది మా మేనేజర్ మేడమ్. అందింది మా ఎనిమిదిమందికీ. ఎవరి పేరూ అందులో లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మొదటి వాక్యానికే నేను నా భుజాలు తడుముకున్నాను.

మా ఆఫీసు భిలాయిలో, నెహ్రూ నగర్‌లో, ఒక మందుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంటుంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో క్రేన్లు, దూలాలు, పైపులు, ట్యాంకులు బాగున్నాయో లేదో చూసి రిపోర్టు ఇవ్వడం మా పని. చూసేవాళ్ళు వేరు, రాసేవాళ్ళు వేరు. నేను రాసే మనిషిని. ఇరవై రెండేళ్ళుగా ఇతరులు ఎక్కిన నిచ్చెనల గురించి కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

మెయిల్ విషయం ఏమిటంటే, మెషీన్ చేత, అంటే కంప్యూటర్‌లోని ఏఐ చేత, రాయించుకునే రిపోర్టులకీ, క్లయింట్లకు పంపే మెయిళ్ళకీ, ప్రపోజల్స్‌కీ ఇకనుంచి నియమాలు. మొదటిది, ఆఫీసు డబ్బు కట్టి తీసుకున్న ఖాతాలోనే రాయించాలి. సొంత ఫోన్లో ఉన్న ఉచిత దాంట్లో క్లయింట్ పేర్లు, డ్రాయింగులు, రేట్లు పెట్టకూడదు. రెండోది, ప్రపోజల్‌లో మెషీన్ రాసిన ప్రతి హామీనీ మనిషి చదివి, మనం నిజంగా చేయగలమా అని చూడాలి. ఇది ఎవరికి తగిలిందో అందరికీ తెలుసు. మా మార్కెటింగ్ భయ్యా పంపిన ప్రపోజల్‌లో, రోజుకు ఇరవై నాలుగు గంటలూ సేవలో ఉండే మా నిపుణుల బృందాలు అని రాసి ఉంది. సాయంత్రం ఆరున్నరకి మా ఆఫీసుకి తాళం పడుతుంది. మూడోది, మామూలు మెయిళ్ళు మెషీన్‌తో రాయించుకోవచ్చు గాని, క్షమాపణ, ఫిర్యాదుకి జవాబు, ప్రమాదానికి సంబంధించిన మాట అయితే మనిషే రాయాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. నాలుగోది చదివేటప్పుడు టీ గ్లాసు కింద పెట్టేశాను. మెషీన్‌కిచ్చే నోట్సు, ఫోన్లో చెప్పి పంపే మాటలు ఇకపై హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ మాత్రమే ఉండాలి. ఇంకే భాషా వద్దు.

మా ఆఫీసులో ఇంకో భాషలో నోట్సు చెప్పేది ఒక్క మనిషే. అంటే ఆ నియమం మా బాబాయికి.

ఆయన నాకు చుట్టరికపు బాబాయి కాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఇక్కడి ఉక్కు ప్లాంటులో వెల్డింగు ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాక, ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగించుకుంటూ మా దగ్గర పనిచేస్తున్నాడు. అరవై ఏడేళ్ళు. ఇప్పటికీ క్రేను నిచ్చెన ఎక్కుతాడు. హిందీ మాట్లాడతాడు, అందరూ మాట్లాడినట్టే. కానీ పైకెక్కి ఇనుముని చూసేటప్పుడు ఆయన బుర్ర తెలుగులో నడుస్తుంది. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు, అందులో పెన్సిల్‌తో తెలుగు.

మెషీన్ రాకముందు మా పద్ధతి ఇదీ. సైటు నుంచి రాగానే చేతులు కడుక్కుని నా టేబుల్ ఎదురుగా కూర్చునేవాడు. నోటుబుక్కు తెరిచి, "ఏటమ్మా, రాస్తావేటి" అనేవాడు. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. మధ్యమధ్యలో ఆపి అడ్డదిడ్డంగా ప్రశ్నలేసేదాన్ని. ఒగ్గేసినాం అంటే ఏటి బాబాయి, చూసి ఒగ్గేసినారా, చూడకుండా ఒగ్గేసినారా అని. ఆయన విసుక్కుని, ఈ గుంట ప్లాంటులో ఉండుంటే పైవాళ్ళకి నిద్ర పట్టనిచ్చేది కాదు అనేవాడు. అరగంట పట్టేది. నిజం చెప్పాలంటే పావుగంటలో అయ్యే పనిని నేనే అరగంట చేసేదాన్ని.

ఎందుకంటే రోజంతటిలో నాకు తెలుగు వినబడేది ఆ అరగంటే. నేను ఇక్కడే, ప్లాంటువాళ్ళ సెక్టర్ 6 క్వార్టర్లో పుట్టాను. ఇంట్లో అమ్మా నాన్నా ఆ యాసలోనే తిట్టుకుని, ఆ యాసలోనే రాజీపడేవారు. ఇద్దరూ పోయారు. నా భర్తది హిందీ ఇల్లు. మనిషి మంచివాడే, నా భాషలో ఆయనకు తెలిసినవి అన్నం, నీళ్ళు, చాలు. కూతురు నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. భిలాయి-3లో ఉన్న అన్నయ్య కూడా ఫోన్ ఎత్తగానే హిందీలోకి దిగిపోతాడు. అమ్మ పోయాక నాకు ఎవరూ 'బేగి రా' అనలేదు. 'ఏటయినాది' అనలేదు. ఆ మాటలు ఇంకెవరి నోటినుంచైనా వినాలని లోపల ఒక ఆకలి ఉండేది. ఇలాంటి ఆకలి ఎవరికి చెప్పుకుంటాం? పెద్దవయసులో సిగ్గు.

కిందటి ఏడు మేడమ్ అందరికీ మెషీన్ ఖాతా ఇచ్చింది. సైటులోనే ఫోన్లో మాట్లాడితే అది అక్షరాల్లో పెట్టి, ఇంగ్లీషు రిపోర్టు డ్రాఫ్టు తయారుచేసి పంపుతుంది. ముసలాయనకి ఇది పడదనుకున్నాను. ఓలమ్మో, అందరికంటే ముందు ఆయనే నేర్చేసుకున్నాడు. తెలుగులో మాట్లాడినా అర్థం చేసుకుంటుందని తెలిశాక చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. సైటులోనే పని ముగించి అక్కణ్ణుంచే ఇంటికి వెళ్ళిపోయేవాడు. డ్రాఫ్టు మాత్రం నా కంప్యూటర్‌లోకి వచ్చేది. దానితోపాటు ఆయన మాటలు తెలుగు అక్షరాల్లో వచ్చేవి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్కో లైనూ సరిచూసి, 'సరిచూసినవారు' అన్నచోట నేను సంతకం పెట్టాలి.

నేను అలిగాను. మెషీన్ మీద అలిగానా, ఆయన మీదా అంటే చెప్పలేను. ఎదురుకుర్చీ ఖాళీగా ఉంటే ఒళ్ళుమండేది. ఒక్క మాట చెప్పొచ్చుగా, అమ్మా ఇకనుంచి రానులే అని. చెప్పలేదు. నేనూ అడగలేదు. మొదటి రెండు నెలలు ఆయన మాటల అక్షరాలు శ్రద్ధగానే చదివాను. కానీ అందులో గొంతు లేదు. తర్వాత తర్వాత ఆ తెలుగు కాగితం తెరవడం మానేసి, ఇంగ్లీషు డ్రాఫ్టు ఒక్కటే చదివి సంతకం పెట్టడం మొదలుపెట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

అలా ఉండగా ఒక రోలింగ్ మిల్లు పని వచ్చింది. అక్కడ క్రేను నడిచే దూలాన్ని మోసే బ్రాకెట్లు పన్నెండు. ఒక్కోదాని అతుకు దగ్గర ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి కొట్టి చూస్తారు. పగులుంటే తెలుపు మీద ఎర్రగా గీత తేలుతుంది. పది బ్రాకెట్లు ఆయన చూశాడు. ఏడూ ఎనిమిదీ ముందు ఆవిరి పైపు అడ్డం ఉండి చెయ్యి పెట్టే సందులేదు. మిల్లువాళ్ళు పైపు చల్లార్చి ఇచ్చాక మళ్ళీ రావాలి. ఫోన్లో ఆయన చెప్పిందిదీ: ఆరు వరకూ చూసినాం, బాగున్నాయి. ఏడూ ఎనిమిదీ ఒగ్గేసినాం. తొమ్మిది నుంచి బాగున్నాయి.

మెషీన్ ఆ మాటని 'రిలీజ్డ్' అని రాసింది. నిఘంటువు తీసి చూస్తే తప్పనలేం, ఒగ్గేయడమంటే విడిచిపెట్టడమే కదా. కానీ మా పనిలో రిలీజ్డ్ అంటే చూశాం, బాగుంది, వాడుకోండి అని. పైన బాగున్నాయి, కింద బాగున్నాయి, నడుమ రిలీజ్డ్. వాక్యం నున్నగా ఉంది. నేను సంతకం పెట్టాను. డ్రాఫ్టు బాబాయికి వెళ్ళింది. ఇంగ్లీషు ఆయనకు కూడబలుక్కుని చదివే చదువు. నా సంతకం చూసి, అమ్మి చూసేసింది కదా అని తనూ పెట్టేశాడు.

మిల్లులో మెయింటెనెన్స్ చూసే ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. రిపోర్టు చదివి, మీ మనిషి ఆ పైపు వెనక్కి వెళ్ళనే లేదు, నేను కిందనే నిలబడి ఉన్నాను, ఏడూ ఎనిమిదీ ఎలా రిలీజ్ చేశారని మేడమ్‌కి ఫోన్ చేశాడు. క్రేనుతో బరువు ఎత్తకుండా ఆపించాడు. మర్నాడు పైపు చల్లార్చి, బాబాయి మళ్ళీ వెళ్ళి చూశాడు. ఎనిమిదో దాని అతుకు అంచున వేలెడంత ఎర్రగీత తేలింది. ఆ క్రేను కింద ఎంతమంది తిరుగుతుంటారో రిపోర్టులు రాసే నాకు తెలియదా.

మేడమ్ మూలమాటలు తెప్పించుకుంది. ఆమె పక్క ఊరు దుర్గ్‌లో పుట్టిన హిందీ మనిషి. తెలుగు అక్షరం ఆమెకు ముగ్గులాంటిదే. తను చదవలేని నోట్సుకి తను ఎలా జవాబుదారీ అవుతానని నాలుగో నియమం పెట్టింది. ఆమె తప్పని నేననను. కానీ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉంది. వచ్చే నెలాఖరుకి బాబాయి కాంట్రాక్టు పొడిగించాలి. అలవాటులేని భాషలో తడబడే ముసలాయనని ఎవరు పొడిగిస్తారు? ఆయన వెళ్ళిపోతే ఈ ఊళ్ళో నాతో ఆ యాసలో మాట్లాడే గొంతు ఇంకొకటి లేదు. ఆయన కోసం ఎంత భయపడ్డానో నా కోసమూ అంతే భయపడ్డాను.

ఒక రోజంతా తటపటాయించి, మంగళవారం మధ్యాహ్నం మేడమ్ గదిలోకి వెళ్ళాను. ముందు నా తప్పు చెప్పుకున్నాను. మూలమాటలు చదవకుండా సంతకం పెట్టానని, ఒకటి కాదు, నాలుగు నెలలుగా అలాగే పెడుతున్నానని. ఆమె పెన్ను పక్కనపెట్టి, ఎందుకని అడిగింది. ఆయన నా టేబుల్ దగ్గరకు రావడం మానేశాడని అలిగానని చెప్పడానికి నోరు రాలేదు. బద్ధకం అన్నాను. అదొక్కటే ఆ గదిలో నేను ఆడిన అబద్ధం.

తర్వాత నాలుగో నియమం సంగతి ఎత్తాను. మాట తెలుగుది కావడం వల్ల ఈ తప్పు రాలేదన్నాను. ఆమె నమ్మలేదు. మీరు హిందీలో ఈ ముక్క ఎలా చెబుతారో చెప్పండి మేడమ్ అన్నాను.

"సాత్ ఔర్ ఆఠ్ ఛోడ్ దియే," అంది, ఏడూ ఎనిమిదీ వదిలేశాం అని.

"చూసి వదిలారా, చూడకుండా వదిలారా?" అని హిందీలో అడిగాను.

ఛోడ్ దియే అన్నా అంతే కదా. ఖైదీని వదిలినా ఛోడ్ దియా, పని వదిలేసినా ఛోడ్ దియా. ఆమె తన కంప్యూటర్‌లో ఆ ఒక్క వాక్యం హిందీలో పెట్టి ఇంగ్లీషు అడిగింది. చూడకుండా వదిలారనే అర్థం వచ్చింది. నన్ను చూసింది. నా మొహం వాడిపోయింది. సరే, పైనా కిందా బాగున్నాయన్న వాక్యాలు కూడా కలిపి పెట్టండి అన్నాను. పెట్టింది. ఈసారి రిలీజ్డ్ అని వచ్చింది. ఇంకోసారి అడిగితే మరో మాట వచ్చింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

మెషీన్ అడగదు మేడమ్, దానికి తోచింది రాసి ఊరుకుంటుంది, అడగాల్సిన మనిషిని నేను, అడగలేదు అన్నాను. ఇంకొంచెం మాట్లాడితే ఏడ్చేదాన్ని. ఆమె మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపి, మీకు హెచ్చరిక లేఖ తప్పదని మాత్రం చెప్పింది. తప్పదని నాకూ తెలుసు. ఆ సాయంత్రమే ఇచ్చింది, ఒక ప్రతి నా ఫైల్లో పెట్టారు. చదివి, సంతకం చేసి, ఇంటికెళ్ళి కూతురికి కూడా చెప్పకుండా పప్పు పోపు పెట్టుకున్నాను.

గురువారం రెండో మెయిల్ వచ్చింది. నాలుగో నియమం మారింది. నోట్సు ఏ భాషలోనైనా ఉండొచ్చు. కానీ నోట్సు చెప్పిన మనిషీ, ఆ భాష తెలిసిన ఇంకో మనిషీ పక్కపక్కన కూర్చుని, మూలాన్నీ డ్రాఫ్టునీ ఒక్కో వాక్యం చదివి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఫోన్ మీద కుదరదు. చూడనిదాన్ని చూడలేదనే రాయాలి, ఎందుకు చూడలేదో రాయాలి. అర్థం రెండు విధాలుగా పోయే మాటలు కనబడితే ఒక పట్టీలో చేర్చాలి. ఆ పట్టీలో మొదటి మాట తెలుగులో ఉంది. మేడమ్ నా దగ్గర రాయించుకుని, ఒక్కో అక్షరం చూసి తనే టైపు చేసింది. 'ఒగ్గేసినాం'.

ఆ సాయంత్రమే బాబాయి కాంట్రాక్టు కూడా ఏడాదికి పొడిగించారని తెలిసింది. మేడమ్ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. పక్కపక్కన కూర్చుని అన్న ముక్కని ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. ఆఫీసు మెయిల్ చదివి సంబరపడిన మనిషిని నేనొక్కదాన్నే అయుంటాను.

బాబాయి ఆ వారమంతా భిలాయి-3 వైపు ఒక ఫ్యాక్టరీలో నూనె ట్యాంకుల పనిమీద ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. నేను పొద్దున్నే ఎదురుకుర్చీ మీది ఫైళ్ళు తీసి, గుడ్డపెట్టి తుడిచి ఉంచాను. టీ నేనే పెట్టాను, అల్లం దంచి. ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఏటి బాబాయి, దారి తెలిసిందా అని దెప్పాలనుకున్నాను.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. దెప్పలేదు. బాగున్నారా అన్నాను. తలూపి, టీ సగం తాగి, నా వైపు చూడకుండా అన్నాడు. "నా మాట వల్ల నీకు మాట వొచ్చిందటమ్మా. కాగితం కూడా ఇచ్చినారటగా."

తప్పు నాదే బాబాయి అన్నాను. మీరు చెప్పింది సరిగానే చెప్పారు, నేనే చదవలేదు అన్నాను. ఆయన వినిపించుకోలేదు. జేబులోంచి నోటుబుక్కు తీశాడు. కొత్తది. తెరిచి నా ముందు పెట్టాడు. నిండా హిందీ అక్షరాలు. అక్షరాల మీది అడ్డగీత స్కేలు పెట్టి గీసినట్టు వంకర లేకుండా గీశాడు. సోమవారం మెయిల్ చూసిన దగ్గర్నుంచీ రోజూ రాత్రి మనవరాల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బ్రాకెట్టుకి ఎలా చెప్పాలి, పగులుకి ఎలా చెప్పాలి, చూడలేదు అనాలంటే తిన్నగా ఎలా అనాలి అని అడిగి నేర్చుకున్నాడట. అరవై ఏడేళ్ళ మనిషి, నాలుగు రోజుల్లో.

నియమం మారింది కదా, తెలుగులోనే చెప్పొచ్చు, మెయిల్ చూడలేదా అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినబడింది.

"సూసినాను. మేడమ్ మంచి మనిషి. గాని వొద్దమ్మా," అన్నాడు. "నా నోటి మాటకి నీ పేరు మీద ఇంకో కాగితం పడితే నాను తట్టుకోలేను. ఇంక ఆ మాటలు పన్లోకి తేను."

నాకు మీ మాటలే కావాలి బాబాయి, అని ఆ క్షణంలో అనేయాల్సింది. ఆ మాటలు వినడానికే నేను రోజూ ఈ ఆఫీసుకి వచ్చేదాన్ని, మీరు రాకపోతే అలిగి అంత పని చేశాను అని చెప్పేయాల్సింది. ఇరవై రెండేళ్ళ నోటిదురుసు ఎక్కడికి పోయిందో. నా కోసం ఆయన వదులుకున్నదాన్ని, నాకే కావాలని ఎలా అడగను? ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు మొదటి లైను మీద పెట్టాడు. నేను డ్రాఫ్టు ముందుకు లాక్కున్నాను.

నేను తెలుగులో అడిగాను, ఆయన హిందీలో చెప్పాడు. రెండో ట్యాంకు మూత సంగతి అడిగాను, హిందీలో చెప్పాడు. అడుగు రేకు మందం అడిగాను, అంకెలు కూడా హిందీలోనే చెప్పాడు. నేను కావాలనే ప్రశ్నలు సాగదీశాను. ఎక్కడో ఒకచోట జారి ఒక్క మాటైనా అంటాడేమోనని. ఆయన జారలేదు. నిచ్చెన మీద అడుగు పెట్టినంత జాగ్రత్తగా ఒక్కో మాటా పెట్టాడు.

అరగంట పట్టింది. చివరి లైను మూడో ట్యాంకుది, లోపల నూనె ఉండి దిగలేకపోయినది. ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "తీన్ నంబర్ టంకీ కీ జాంచ్ నహీ హుయీ. తేల్ భరా థా."

డ్రాఫ్టులోనూ సరిగ్గా అదే ఉంది, మూడో ట్యాంకు పరీక్షించలేదు, నిండా నూనె ఉంది అని. ఆ వాక్యంలో అడగడానికి ఏమీ లేదు. ఆయన సంతకం పెట్టాడు, కింద నేను పెట్టాను.